ఆడిటోరియం రెండర్: వరుసల దూరం, మెట్ల ఎత్తు ముందు తేల్చుకోవాలి, ప్యానెళ్లూ లైట్లూ ఆ తర్వాతే

ప్రశ్న: "బ్లెండర్‌లో దాదాపు రెండు వందల సీట్ల ఆడిటోరియం లోపలి రెండర్ చేస్తున్నాను. సీట్లు ఇరుకుగా, బొమ్మ కుర్చీల్లా కనిపిస్తున్నాయి. గోడ ప్యానెళ్లు టైల్స్ అతికించినట్టున్నాయి. స్టేజి లైట్లు వేస్తే హాలంతా పొగమంచు పట్టినట్టు వస్తోంది. వరుసకీ వరుసకీ మధ్య ఎంత దూరం ఉంచాలి, మెట్టు ఎంత ఎత్తు పెట్టాలి, అసలు ఎక్కడ మొదలుపెట్టాలి?"

సమాధానం:

సెక్షన్ డ్రాయింగ్‌తో మొదలుపెట్టండి. మెటీరియళ్లు, లైట్లు ఇప్పుడే ముట్టుకోవద్దు. మీ పరిమాణం హాలుకు ఒక కుర్చీ వీపు నుంచి వెనక కుర్చీ వీపు దాకా 950 మి.మీ. ఉంచండి. మెట్టు ఎత్తు మాత్రం అన్ని వరుసలకూ ఒకటే పెట్టకండి. ముందు వరుసల్లో సుమారు 127 మి.మీ.తో మొదలై, వెనక్కి పోయేకొద్దీ పెరుగుతూ చివరి వరుస దగ్గర 202 మి.మీ.కు చేరాలి. ఈ అంకెలు ఎలా వచ్చాయో కింద లెక్క కట్టి చూపిస్తాను. ప్యానెళ్ల విషయంలో ఏ గోడ ధ్వనిని పీల్చాలి, ఏ గోడ తిప్పి పంపాలి అన్నది ముందు నిర్ణయమైతే టైల్స్ అతికించిన రూపు దానంతట అదే పోతుంది. పొగమంచుకు కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, వాల్యూమ్ సాంద్రత అవసరానికి పదింతలు ఎక్కువ ఉండటం.

ముందుగా వరుసల దూరం సంగతి. ఇక్కడ రెండు కొలతలు ఉన్నాయి, చాలామంది ఒకదాన్ని ఇంకొకటిగా పొరబడతారు. మొదటిది వీపు నుంచి వీపుకు దూరం, అంటే మెట్టు వెడల్పు. రెండోది మనిషి వరుసలోకి నడిచి వెళ్లడానికి మిగిలే ఖాళీ. భద్రతా నియమాలు పట్టించుకునేది ఈ రెండోదాన్నే. అంతర్జాతీయ బిల్డింగ్ కోడ్ ప్రకారం రెండు చివరలా నడవా ఉండి, వరుసలో 14 సీట్ల వరకు ఉంటే ఆ ఖాళీ కనీసం 305 మి.మీ. ఉండాలి. సీట్లు అంతకు మించితే ప్రతి అదనపు సీటుకూ దాదాపు 7.6 మి.మీ. కలుపుతూ పోవాలి. స్థానిక నియమం వేరుగా ఉంటే దానిదే పైచేయి. మీరు గీస్తున్నది నిజంగా కట్టబోయే హాలైతే ఆర్కిటెక్టు దగ్గర నుంచి ఆ అంకె అడిగి తెచ్చుకోండి.

ఈ ఖాళీని ఎక్కడ కొలవాలన్నదే అసలు మెలిక. ముందు కుర్చీ వీపు వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి దాని పైఅంచు కింది భాగం కన్నా వెనక వరుస వైపు ఎక్కువగా పొడుచుకు వస్తుంది. ఆ పైఅంచు నుంచి ఒక తూకపు గుండు వేలాడదీశారనుకోండి. వెనక కుర్చీలో అన్నిటికన్నా ముందుకు వచ్చిన భాగం నుంచి, అది చేతిదన్ను కావచ్చు, మడిచిన సీటు అంచు కావచ్చు, ఇంకో గుండు వేలాడదీయండి. ఈ రెండు దారాల మధ్య అడ్డంగా ఉన్న దూరమే లెక్కలోకి వస్తుంది. సీటు దానంతట అదే మడుచుకునే రకమైతే మడిచిన స్థితిలో కొలవవచ్చు, మడవని రకమైతే ఉన్నదున్నట్టుగా కొలవాలి. మడిచినప్పుడు కుర్చీ మొత్తం లోతు 500 మి.మీ. అనుకుంటే 950లో 450 మి.మీ. ఖాళీ మిగులుతుంది. అది హాయిగా నడిచే దారి. అదే సీటు దించితే లోతు 700 అవుతుంది, మోకాళ్ల ముందు 250 మిగులుతుంది.

మీ సీట్లు బొమ్మ కుర్చీల్లా కనిపించడానికి కారణం ఇక్కడే ఉండవచ్చు. కొన్నేళ్ల కిందట నేను ఒక కళాశాల హాలు రెండర్ చేసినప్పుడు, ఎక్కడి నుంచో దింపుకున్న కుర్చీ మోడల్ లోతు కొలవకుండానే వాడేశాను. అది సినిమా హాళ్లలో వాడే, మడవని వెడల్పాటి కుర్చీ, లోతు 780 మి.మీ. దాన్ని 900 మి.మీ. మెట్ల మీద పరిచాను. పైనుంచి తీసిన చిత్రంలో అంతా నిండుగా, అందంగా ఉంది. నడవా వైపు నుంచి తీసిన చిత్రం చూసిన ఆర్కిటెక్టు మాత్రం "ఈ వరుసలోకి మనిషి పక్కకు తిరిగినా దూరడు కదా" అన్నాడు. 120 మి.మీ. ఖాళీలో ఎవరు దూరతారు? సరిచేయడానికి నేను చేసిన రెండో తప్పు ఇంకా పెద్దది. కుర్చీని 85 శాతానికి కుదించాను. ఖాళీ పెరిగింది గానీ చేతిదన్నులు నేల నుంచి 530 మి.మీ. ఎత్తుకు దిగిపోయాయి, సీటు వెడల్పు 470కి తగ్గింది. కొలత తెలియని వాళ్లకు కూడా ఏదో తేడాగా ఉందని తెలిసిపోయింది. కుర్చీని ఎప్పుడూ స్కేల్ చేయకండి. సీటు నడిమి నుంచి పక్క సీటు నడిమికి 550 మి.మీ., కూర్చునే భాగం నేల నుంచి దాదాపు 430 నుంచి 450 మి.మీ. ఉన్న మోడల్ దొరికేదాకా వెతకండి, దొరక్కపోతే చేసుకోండి.

ఇప్పుడు మెట్ల ఎత్తు. అందరూ చేసే పని ఏమిటంటే ఒక మెట్టు చేసి `Array` మాడిఫైయర్‌తో 14 సార్లు పరిచేయడం. అలా చేస్తే నేల ఒకే వాలుతో ఉన్న ఏటవాలు బల్లలా వస్తుంది. నిజమైన హాలు సెక్షన్‌లో నేల పుటాకారంగా వంగి ఉంటుంది, ముందు చదునుగా మొదలై వెనక్కి నిటారవుతుంది. వెనక కూర్చున్న మనిషి చూపు రేఖ ముందు మనిషి తలమీదుగా వెళ్లి వేదిక అంచును చేరాలి. ప్రతి వరుస తన ముందు వరుసకన్నా కొంచెం ఎక్కువ ఏటవాలు చూపుతో చూడాలి కాబట్టి అవసరమైన ఎత్తు పోగుపడుతూ పెరుగుతుంది.

దీనికి వాడే సూత్రం సులువైనదే:

```
R2 = (R + C) * (D + T) / D
```

ఇక్కడ `D` అంటే ముందు వరుస కంటి నుంచి మనం చూడాల్సిన బిందువు దాకా అడ్డంగా ఉన్న దూరం. `R` అంటే ఆ బిందువుకన్నా కన్ను ఎంత ఎత్తులో ఉందో ఆ కొలత. `T` మెట్టు వెడల్పు. `C` అంటే వెనక మనిషి చూపు రేఖ, ముందు మనిషి కన్నుకన్నా ఎంత పైనుంచి పోవాలో ఆ కొలత. కంటికీ నడినెత్తికీ మధ్య దూరం 120 మి.మీ. అనుకుంటారు కాబట్టి ముందు తల అసలే అడ్డు రాకూడదంటే `C` విలువ 120 మి.మీ. ఉండాలి. వరుస విడిచి వరుసలో సీట్లు అర సీటు పక్కకు జరిపితే, ముందున్న ఇద్దరి తలల మధ్యనుంచి చూడవచ్చు, అడ్డు వచ్చేది రెండు వరుసల అవతలి తలే. అప్పుడు 60 సరిపోతుంది.

మీ హాలుకే లెక్క కట్టి చూద్దాం. వేదిక ఎత్తు 0.9 మీ., కూర్చున్న మనిషి కన్ను నేల నుంచి 1.12 మీ., కాబట్టి మొదటి వరుసకు `R` 0.22 మీ. మొదటి వరుస కన్ను వేదిక అంచుకు 4 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. `T` 0.95, `C` 0.06. రెండో వరుసకు 0.28ని 4.95తో హెచ్చించి 4తో భాగిస్తే 0.3465 వస్తుంది, అంటే మొదటి మెట్టు ఎత్తు 127 మి.మీ. ఇలాగే పోతే మూడో వరుసకు 138, నాలుగో వరుసకు 148, ఎనిమిదో వరుస దగ్గర 176, పద్నాలుగో వరుసకు 202 మి.మీ. అవుతుంది. చివరి వరుస నేల మొదటి వరుస నేలకన్నా 2.23 మీ. ఎత్తులో ఉంటుంది. ఇదే లెక్క `C` 0.12 పెట్టి చేస్తే మొదటి మెట్టే 201 మి.మీ. అవుతుంది, చివరి మెట్టు 352కి చేరుతుంది, మొత్తం ఎత్తు 3.78 మీ. అవుతుంది. మీరు ఏది ఎంచుకున్నారన్నదాన్ని బట్టి సీలింగ్ ఎత్తు, వెనక తలుపు స్థాయి, కంట్రోల్ గది కిటికీ అన్నీ మారిపోతాయి. సెక్షన్‌తో మొదలుపెట్టమని నేను పట్టుబట్టేది ఇందుకే.

నేను మీ పరిమాణం హాలుకు 60నే ఎంచుకుంటాను. 202 మి.మీ. వరకు అయితే నడవాలో వరుసకు ఒక్క మెట్టుతో సరిపెట్టవచ్చు. అంతకు మించితే ప్రతి వరుస దగ్గరా నడవాలో నడిమి మెట్టు ఒకటి వేయాలి. 352 మి.మీ. ఎత్తును ఎవరూ ఒక్క అంగలో ఎక్కరు. ఎంతో బాగా చేసిన రెండర్లలో కూడా ఈ తప్పు చూస్తుంటాను, సీట్ల కింద ఉన్న ఎత్తైన మెట్లనే నడవాలోకీ పొడిగించేస్తారు. సీట్ల మెట్లు వేరు, నడవా మెట్లు వేరు అని గుర్తుంచుకుని రెండు మెష్‌లుగా చేసుకోండి. మెట్ల ఎత్తు మారుతూ పోయే చోట కాలికి తేడా తెలియదు కాబట్టి నడవా మెట్టు అంచున గుర్తు పట్టీ వేస్తారు. రెండర్‌లో ఆ సన్నని లేత పట్టీ, దాని కింద చిన్న మెట్టు దీపం ఉంటే నడవా లోతు కంటికి వెంటనే అందుతుంది.

సీట్లను చేత్తో పేర్చనక్కర్లేదు. కింది స్క్రిప్టును బ్లెండర్ `Scripting` విండోలో నడిపితే పై లెక్క ప్రకారం వరుసలు వచ్చేస్తాయి. సీన్‌లో `Seat` అన్న పేరుతో ఒక కుర్చీ ఉండాలి. దాని ఆరిజిన్ నేలమీద ఉండాలి, ముందుకూ వెనక్కూ చూస్తే కూర్చున్న మనిషి కన్ను వచ్చే చోటికి సూటిగా కింద ఉండాలి. అది `-Y` వైపు, అంటే వేదిక వైపు చూస్తుండాలి.

```python
import bpy

seat = bpy.data.objects["Seat"]
D, R, T, C = 4.0, 0.22, 0.95, 0.06
z = 0.0
for row in range(14):
    odd = row % 2
    for i in range(13 if odd else 14):
        s = seat.copy()
        x = i * 0.55 + (0.275 if odd else 0.0)
        s.location = (x, row * T, z)
        bpy.context.collection.objects.link(s)
    R2 = (R + C) * (D + T) / D
    print(row + 2, round((R2 - R) * 1000))
    z += R2 - R
    R, D = R2, D + T
```

అర సీటు జరిపిన వరుసల్లో ఒక సీటు తగ్గించాను, లేకపోతే చివరి కుర్చీ నడవాలోకి పొడుచుకు వస్తుంది. ఏడు వరుసల్లో 14, ఏడు వరుసల్లో 13, మొత్తం 189 సీట్లు. `seat.copy()` మెష్‌ను మళ్లీ నకలు చేయకుండా అదే డేటాను పంచుకుంటుంది కాబట్టి కుర్చీ ఎంత వివరంగా ఉన్నా మెమరీ పెద్దగా పెరగదు. ఇవి తిన్నని వరుసలు. వంపు వరుసలు కావాలంటే `location`ను కోణంతో లెక్కించాలి, కుర్చీని కూడా అదే కోణంలో తిప్పాలి. అప్పుడు వెనక వరుసల చాపం పొడుగవుతుంది గనుక సీట్ల సంఖ్యను వరుసవారీగా లెక్కించుకోవాలి, ఒకే సంఖ్యను సాగదీస్తే సీట్ల మధ్య సందులు కనిపిస్తాయి.

స్క్రిప్టు నడిచాక ఒక పరీక్ష చేయండి. ఏడో వరుసలో నడిమి సీటు మీద, ఆ మెట్టు నుంచి 1.12 మీ. ఎత్తున కెమెరా పెట్టి, ముందు వరుసల్లో మనిషి మోడళ్లు కూర్చోబెట్టి వేదిక వైపు చూడండి. సరిగ్గా ముందు వరుసలోని ఇద్దరి తలల మధ్యనుంచి వేదిక నేల అంచు కనిపించాలి. కనిపించడం లేదంటే అర సీటు జరపడం మరిచారో, మెట్లు సమాన ఎత్తులో వేశారో తెలిసిపోతుంది. ఈ పరీక్ష ఖాళీ కుర్చీలతో చేస్తే ఏమీ తెలియదు, ఎందుకంటే కుర్చీ వీపు తలకన్నా కిందే ఉంటుంది.

ఇక గోడలు. ప్యానెళ్లు అలంకారం అనుకుని అన్ని గోడలకూ ఒకే నమూనా పరిచినప్పుడే అవి టైల్స్‌లా కనిపిస్తాయి. హాల్లో ఏ గోడ పని దానిదే. వెనక గోడను చూడండి. మన హాల్లో అది వేదిక అంచుకు 17.5 మీటర్ల దూరంలో వస్తుంది. వేదిక అంచున నిలబడిన వక్త గొంతు మొదటి వరుసకు 4 మీటర్లలో నేరుగా చేరుతుంది. అదే శబ్దం వెనక గోడకు తగిలి తిరిగి మొదటి వరుసకు రావాలంటే 31 మీటర్లు ప్రయాణించాలి. తేడా 27 మీటర్లు, అంటే సెకనుకు 343 మీటర్ల వేగంతో దాదాపు 79 మిల్లీసెకన్లు. 50 దాటితే మాటకు అది ప్రతిధ్వనిగా వినిపించడం మొదలవుతుంది. అందుకే వెనక గోడకు గుడ్డ చుట్టిన గ్లాస్ వూల్ ప్యానెళ్లో, వెనక గుల్ల ఉన్న చిల్లుల చెక్క ప్యానెళ్లో పెడతారు.

పక్క గోడల ముందు భాగం దీనికి పూర్తిగా భిన్నం. హాలు వెడల్పు సుమారు 10 మీటర్లు. ఆరో వరుస నడిమి సీటుకు పక్క గోడ మీదుగా వచ్చే శబ్దం, నేరుగా వచ్చేదానికన్నా 4.5 మీటర్లే ఎక్కువ తిరుగుతుంది, 13 మిల్లీసెకన్లే ఆలస్యం. అది మాటను బలపరిచే ప్రతిఫలనం, దాన్ని పీల్చేస్తే హాలుకే నష్టం. కాబట్టి అక్కడ గట్టి చెక్క పలకలో, మందమైన ప్లాస్టర్ పలకలో ఉంటాయి. రెండు పక్కగోడలూ సమాంతరంగా ఉంటే చప్పట్లు గోడల మధ్య టకటకమని కొట్టుకుంటాయి కాబట్టి ఆ పలకలను కనీసం 5 డిగ్రీలైనా వాల్చి, రంపపు పళ్లలా ఒకదాని వెనక ఒకటి వచ్చేట్టు అమరుస్తారు. రెండర్‌కు దీనివల్ల పెద్ద లాభం ఉంది. వాలిన పలకల అంచుల దగ్గర నిలువు నీడలు పడి, గోడకు లోతు వస్తుంది. మీరు టెక్స్‌చర్‌తో ఎంత కష్టపడినా ఆ నీడ రాదు.

వెనక గోడ దగ్గర ధ్వనిని చెదరగొట్టే డిఫ్యూజర్లు చూపించాలనుకుంటే లోతులను ఇష్టం వచ్చినట్టు పెట్టకండి. ఏడు గాడుల డిఫ్యూజర్‌లో లోతుల క్రమం 0, 1, 4, 2, 2, 4, 1. అది 500 హెర్ట్జ్ నుంచి పనిచేయాలంటే ఒక అంతు 49 మి.మీ., కాబట్టి అన్నిటికన్నా లోతైన గాడి 196 మి.మీ. ఉంటుంది. ఈ క్రమం తెలిసినవాళ్లు చిత్రంలోనే గుర్తుపట్టేస్తారు. 20 మి.మీ. లోతుతో చేసిన డిఫ్యూజర్ వాళ్ల కంటికి గోడకు అతికించిన బొమ్మలాగే ఉంటుంది.

దగ్గరగా చూస్తే ప్యానెల్ నిజమైనదని చెప్పేవి మందం, అంచు, సందు. గుడ్డ ప్యానెల్‌ను 50 మి.మీ. మందంతో చేసి, అంచును 4 లేదా 5 మి.మీ. గుండ్రంగా తిప్పి, పక్క ప్యానెల్‌కూ దీనికీ మధ్య 10 మి.మీ. నల్లని సందు వదలండి. గుడ్డ నేత టెక్స్‌చర్ కొలత కూడా చూసుకోండి. నేత దారాలు వేలి మందాన కనిపిస్తే ప్యానెల్ చాపలా ఉంటుంది. నడవా పక్కన నేల నుంచి మీటరు ఎత్తు దాకా గుడ్డ వేయరు, భుజాలూ చేతులూ రాసుకుని మాసిపోతుంది. అక్కడ గట్టి చెక్క పట్టీ వస్తుంది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. నేల మెట్లుగా ఎక్కుతుంటే, ప్యానెళ్ల అడ్డ సందులు నేలతోపాటు ఎక్కాలా, సమంగా సాగాలా? నేనైతే ప్యానెళ్ల సందులను హాలు పొడవునా సమమట్టంగా ఉంచి, కింది చెక్క పట్టీని మాత్రం మెట్లతోపాటు ఎక్కిస్తాను. రెండూ వాలుగా పోతే గోడ జారిపోతున్నట్టు కనిపిస్తుంది.

గాడుల చెక్క ప్యానెళ్లతో ఒక సాంకేతిక ఇబ్బంది ఉంది. సాధారణంగా 28 మి.మీ. చెక్క, 4 మి.మీ. గాడి చొప్పున వస్తాయి. మీ కెమెరా 36 మి.మీ. సెన్సర్‌కు 30 మి.మీ. లెన్స్ అనుకోండి. 15 మీటర్ల దూరంలో ఉన్న గోడ మీద చిత్రం వెడల్పు 18 మీటర్లు అవుతుంది, 1920 పిక్సెళ్లకు పంచితే ఒక్కో పిక్సెల్ దాదాపు 9.4 మి.మీ. గాడి అందులో సగం కూడా లేదు. అందుకే దూరపు గోడ మీద అలలు అలలుగా మచ్చలు వస్తాయి, ఎన్ని శాంపిళ్లు పెంచినా పోవు, అవి నాయిజ్ కావు కాబట్టి డీనాయిజర్ తీసేయలేదు, పైగా వాటిని ఇంకా పులుముతుంది. 3840 పిక్సెళ్లకు వెళ్లినా పిక్సెల్ 4.7 మి.మీ., ఇంకా గాడికన్నా పెద్దదే. కెమెరాకు దగ్గరి ప్యానెళ్లకు మాత్రమే నిజమైన గాడులు చెక్కి, దూరపు వాటికి గాడులు లేని పలక వేసి రంగును కొంచెం ముదురు చేయండి. చెక్క రంగులో ఎనిమిదో వంతు నలుపు కలిసినట్టు కనిపించాలి, ఎందుకంటే 32లో 4 భాగాలు గాడివే.

లైట్ల దగ్గరకు వస్తే, వేదిక లైటు ఎక్కడ వేలాడుతుందో ముందు తేల్చండి. వక్త ముఖం మీద పడే ప్రధాన లైటు కంటికి సుమారు 45 డిగ్రీల ఎత్తు నుంచి, రెండు పక్కలనుంచీ రావాలన్నది 1930ల నుంచి రంగస్థలంలో స్థిరపడిన పద్ధతి. మన హాల్లో వక్త వేదిక అంచుకు 1.5 మీ. లోపల నిలబడ్డాడు, ముఖం 2.5 మీ. ఎత్తున ఉంది. లైట్ల క్యాట్‌వాక్ 7.5 మీ. ఎత్తున ఉంటే తేడా 5 మీ., 45 డిగ్రీలు కావాలంటే అడ్డంగానూ 5 మీ. దూరం ఉండాలి. అంటే క్యాట్‌వాక్ వేదిక అంచుకు 3.5 మీ. ఇవతల, దాదాపు మొదటి వరుస నెత్తిన వస్తుంది. చాలా రెండర్లలో లైట్లన్నీ వేదిక పైనే నిటారుగా వేలాడతాయి. ముఖాల కళ్లగుంటలు నల్లబడి, మనిషి భయపెట్టేలా కనిపించేది అందుకే.

ఆ లైటు ముఖానికి దాదాపు 7 మీటర్ల దూరంలో ఉంది. `Spot Size` 26 డిగ్రీలు పెడితే 3.3 మీ. వెడల్పు వలయం పడుతుంది. తొమ్మిది మీటర్ల వేదికను అంచులు కాస్త కలిసేలా మూడు లేదా నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగానికి రెండేసి లైట్లు పెట్టండి. `Blend` 0.15 దగ్గర ఉంచితే అంచు మరీ కత్తిరించినట్టు ఉండదు. రంగు కోసం `Blackbody` నోడ్‌లో వేదికకు 3200, హాలు దీపాలకు 2700 ఇవ్వండి. తేడా చిన్నదే గానీ వేదిక కొంచెం తెల్లగా నిలుస్తుంది.

మీ పొగమంచు సమస్యకు లెక్క ఇది. `Volume Scatter` సాంద్రత 0.1 పెట్టి, కెమెరా వేదికకు 20 మీటర్ల దూరంలో ఉంటే, వేదిక నుంచి బయల్దేరిన కాంతిలో కెమెరా దాకా నేరుగా చేరేది 13.5 శాతమే. మిగతాది దారిలోనే చెదిరి హాలంతా బూడిదరంగు పరుస్తుంది. 0.01 పెడితే 82 శాతం చేరుతుంది. నేను 0.005, 0.01 మధ్యే ఉంటాను. `Anisotropy` 0.4 పెట్టి, వేదిక వెనక నుంచి ప్రేక్షకుల వైపు వచ్చే రెండు మూడు లైట్లకే కిరణాలు కనిపించనివ్వండి. కాంతి ముందుకే ఎక్కువగా చెదురుతుంది కాబట్టి ఎదురుగా వచ్చే కిరణాలు బాగా కనిపిస్తాయి, మన వెనకనుంచి పోయేవి దాదాపు కనబడవు. అన్ని లైట్లకూ కిరణాలు సమానంగా కనిపిస్తే అది వాల్యూమ్‌తో వచ్చింది కాదు, పైన పులిమినదని తెలిసిపోతుంది. వాల్యూమ్ పెట్టెను హాలంతటికీ కాకుండా వేదిక మీదా, దాని ముందు కొన్ని వరుసల వరకే పెడితే రెండర్ సమయం కూడా తగ్గుతుంది.

హాలు దీపాలూ వేదిక లైట్లూ రెండూ పూర్తి వెలుగులో ఉన్న చిత్రం ఎవరినీ నమ్మించదు. ప్రదర్శన నడుస్తున్న దృశ్యమైతే హాలు దీపాలు ఆర్పి, మెట్టు దీపాలు మాత్రం ఉంచండి. గోడలూ సీట్లూ చూపించడమే ముఖ్యమైతే హాలు వెలిగించి, వేదిక మీద ఒక్క వక్త భాగానికే లైటు వేయండి. యజమాని రెండూ అడిగితే రెండు చిత్రాలు ఇవ్వండి. ఒకే చిత్రంలో రెండూ ఇమడ్చమని పట్టుబట్టిన పనులు నాకు రెండు మూడు వచ్చాయి, అన్నిట్లోనూ ఆఖరికి విడివిడి చిత్రాలకే వచ్చి ఆగాం.

కెమెరా లెన్స్ 24 మి.మీ.కన్నా కిందికి దింపకండి. 14 మి.మీ. లెన్స్‌తో దగ్గరి వరుసల మధ్య దూరం విపరీతంగా సాగి, వెనక వరుసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మీరు ఇంత కష్టపడి పెట్టిన 950 మి.మీ. ఎక్కడా 950లా కనిపించదు. నేను ఎక్కువగా వాడే చోటు పదో వరుస చివర, నడవా పక్క సీటు. అక్కడ కూర్చున్న మనిషి కంటి ఎత్తున కెమెరా పెడితే నడవా మెట్లు, పక్క గోడ వాలు పలకలు, ముందు వరుసల మధ్య ఖాళీ, వేదిక అన్నీ ఒకే చట్రంలోకి వస్తాయి. కెమెరా ఉన్న వరుసలో రెండు కుర్చీలను మడిచి, ఒకదాన్ని దించి ఉంచండి. మడిచిన సీటు అడుగుభాగానికి చిన్న చిల్లులు పెట్టడం మరవకండి. ఖాళీ సీటు కూడా మనిషి కూర్చున్నప్పటిలాగే కొంత ధ్వనిని పీల్చాలని ఆ చిల్లులు పెడతారు, కెమెరాకు మీటరు దూరంలో అవి స్పష్టంగా కనిపిస్తాయి.